స్లైడు మీది ప్లస్ గుర్తు

లా కాలేజీల్లో క్రిమినల్ లా మొదటి క్లాసుల్లో చూపించే స్లైడు ఒకటుంది. కాలేజీ ఏదైనా, మాస్టారు ఎవరైనా స్లైడు దాదాపు ఒక్కటే. ఎడమవైపు గడిలో 'ఆక్టస్ రియస్', అంటే నేరచర్య. కుడివైపు గడిలో 'మెన్స్ రియా', అంటే నేరమనస్సు. రెండింటి మధ్య ప్లస్ గుర్తు. కింద సమానం గుర్తు పెట్టి 'నేరం' అని రాసి ఉంటుంది. పిల్లలు ఫోనుతో ఫొటో తీసుకుంటారు, పరీక్షలో అదే గీస్తారు, మార్కులూ పడతాయి.

ఆ స్లైడులో తప్పేమీ లేదు. కాకపోతే కష్టమంతా ఆ రెండు గడుల్లో కన్నా మధ్యలో ఉన్న ప్లస్ గుర్తులోనే ఉంది. చెయ్యి ఒక పని చేసింది, మనసులో ఒక ఉద్దేశం ఉంది. ఆ రెండూ ఎలా కలిస్తే నేరమవుతుంది? ఒకరిని చంపాలనుకుంటే ఇంకొకరు చనిపోయినప్పుడు అవి కలిసినట్టేనా? కొట్టినప్పుడు ఒక ఉద్దేశం, చావుకు కారణమైన పని చేసినప్పుడు మరో ఉద్దేశం ఉంటేనో? వందేళ్ల కిందట మద్రాసు హైకోర్టు ముందుకు ఈ రెండు ప్రశ్నలూ రెండు కేసులుగా వచ్చాయి. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ హైకోర్టు కిందే ఉండేవి. మొదటి కేసులో ముద్దాయి పేరు, బాధితుడి పేరు రెండూ తెలుగు పేర్లే.

కేసుల్లోకి వెళ్లేముందు గడుల సంగతి కొంచెం చూద్దాం. ఎడమ గడిలోని 'చర్య' మనిషి తనంతట తాను చేసినదై ఉండాలి. ఫిట్స్ వచ్చి చెయ్యి విసిరితే పక్కవాడి కన్నుకు తగిలిందనుకోండి, అక్కడ దెబ్బ ఉంది కానీ చట్టం దృష్టిలో చర్య లేదు. చెయ్యవలసిన పని చెయ్యకపోవడం కూడా చర్య కిందికే వస్తుంది. చంటిబిడ్డకు కావాలని పాలు పట్టకుండా చంపిన తల్లిదండ్రులు 'మేమేమీ చెయ్యలేదు' అని తప్పించుకోలేరు. కుడి గడిలోని మనసుకు మెట్లున్నాయి. ఫలానా ఫలితం రావాలని కోరుకోవడం పై మెట్టు, అదే ఉద్దేశం. కోరుకోకపోయినా వచ్చే అవకాశం గట్టిగా ఉందని తెలిసి చెయ్యడం దాని కింది మెట్టు. తెలియకపోయినా తెలుసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోవడం ఇంకా కింద. ఏ నేరానికి ఏ మెట్టు కావాలో ఆ నేరం సెక్షనే చెబుతుంది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో గానీ, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో గానీ 'మెన్స్ రియా' అన్న మాటకు నిర్వచనం వెతికితే దొరకదు. సెక్షను సెక్షనుకూ విడిగా వెతుక్కోవాల్సిందే.

గుడి బయట చెప్పుల విషయం తీసుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. దర్శనం చేసుకుని వచ్చి, మీవే అనుకుని అచ్చం అలాంటివే ఇంకొకరి చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. పరాయి సొత్తును యజమాని అనుమతి లేకుండా కదిలించారు కాబట్టి ఎడమ గడి నిండింది. దొంగతనానికి 'అన్యాయంగా లాభపడాలి లేదా అవతలివాడికి నష్టం చెయ్యాలి' అన్న ఉద్దేశం కావాలి. అది మీకు లేదు గనక దొంగతనం లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే మీవి కావని తెలిసింది. 'పోనీలే, నావాటికన్నా కొత్తగా ఉన్నాయి' అని ఉంచేసుకున్నారు. ఇప్పుడు మనసు చెడింది. అయినా ఇది దొంగతనం కాదు, ఎందుకంటే చెప్పులు తీసుకున్న క్షణంలో ఆ మనసు లేదు. దీనికి చట్టంలో వేరే నేరముంది. పరాయి సొత్తును నిజాయితీ లేకుండా సొంతానికి వాడుకోవడం, ఇప్పటి సంహితలో 314వ సెక్షన్. పొరపాటున తీసుకుని నిజం తెలిశాక ఉంచేసుకోవడాన్ని పాత కోడ్ ఆ సెక్షను కిందే ఉదాహరణగా రాసింది. ప్లస్ గుర్తు చేసే పని అదే. రెండు గడులూ నిండితే చాలదు, ఒకే సమయంలో నిండాలి.

ఇక మొదటి కేసు. 1912లో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చిన ముష్నూరు సూర్యనారాయణమూర్తి కేసు. న్యాయవాదులకు ఇది 'హల్వా కేసు'గానే గుర్తు. ముద్దాయి అప్పల నరసింహులు అనే వ్యక్తి ప్రాణం మీద పెద్ద మొత్తాలకు బీమా చేయించాడు. అతను చనిపోతే ఆ డబ్బు రాబట్టుకోవచ్చునన్నది ఎత్తు. తన బావగారింటికి రమ్మని పిలిచి, ఆర్సెనిక్, పాదరసం కలిపిన హల్వా చేతికిచ్చాడు. నరసింహులు కొంత తిని మిగిలింది పారేశాడు. ఆ ఇంట్లో ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల పిల్ల ఉంది. ముద్దాయికి మేనకోడలు. ఆ పిల్ల హల్వా తీసుకుని తింది, ఇంకో చిన్నపిల్లకూ పెట్టింది. పిల్లలిద్దరూ చనిపోయారు. చంపాలనుకున్న నరసింహులు మాత్రం బాగా జబ్బుపడి కోలుకున్నాడు.

నరసింహులు మీద హత్యాయత్నం విషయంలో ఎవరికీ అనుమానం లేదు. దానికి శిక్ష పడింది. పిల్ల హత్య విషయంలోనే చిక్కొచ్చింది. ఆ నేరం కింద కింది కోర్టు విడుదల చేసింది. ప్రభుత్వం హైకోర్టుకు అప్పీలుకు వెళ్లింది. ముద్దాయి తరఫు వాదన వినడానికి బలంగానే ఉంటుంది. 'ఆ పిల్లను చంపాలని నేను అనుకోలేదు. ఆ పిల్ల తింటుందని నాకు తెలియదు. నేను హల్వా ఇచ్చింది ఒక పెద్దమనిషికి. పారేసింది అతను, తీసుకుని తిన్నది పిల్ల. నా మనసు ఒకరి మీద, చావు వచ్చింది ఇంకొకరికి.'

ఇద్దరు జడ్జీలు విన్నారు, ఇద్దరూ రెండు రకాలుగా తేల్చారు. జస్టిస్ సుందర అయ్యర్‌కు ముద్దాయి చర్యకూ పిల్ల చావుకూ మధ్య ఇతరుల పనులు అడ్డుపడ్డాయన్న విషయం ముఖ్యంగా తోచింది. ఇచ్చినవాడు ఒకరు, పారేసినవాడు ఒకరు, తీసుకున్నది ఇంకొకరు. పిల్ల చావును ముద్దాయి కోరుకోనూ లేదు, వస్తుందని ఎరగనూ లేదు. కాబట్టి ఆ చావును అతని ఖాతాలో హత్యగా రాయలేమన్నారు. జస్టిస్ బెన్సన్ సెక్షను మాటలు పట్టుకున్నారు. మరణం కలిగించే ఉద్దేశంతో ఒక పని చేసి, దాని వల్ల మరణం కలిగిస్తే నరహత్య అని పాత 299వ సెక్షన్ అంటోంది. 'ఎవరి మరణం కోరుకున్నాడో వారి మరణమే' అన్న షరతు అక్కడ లేదు. అభిప్రాయాలు విడిపోవడంతో కేసు మూడో జడ్జి జస్టిస్ రహీమ్ దగ్గరికి వెళ్లింది. ఆయన బెన్సన్ వైపు నిలిచారు. హత్య నేరం ఖాయమైంది.

వాళ్ల లెక్కకు చట్టంలోనే మంచి ఆధారముంది. 299వ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణే చూడండి. ఒకడు గొయ్యి మీద కర్రలు, పచ్చిక పరిచి నేలలా కనిపించేట్టు చేస్తాడు. ఎవరో ఒకరు పడి చావాలని అతని ఉద్దేశం. నేల గట్టిగానే ఉందనుకుని ఒక బాటసారి కాలు పెట్టి, పడి చనిపోతాడు. గొయ్యి కప్పినవాడికి ఆ బాటసారి ఎవరో తెలియదు. అయినా నరహత్యే. మనిషి పేరూ ముఖమూ తెలియకపోయినా ఉద్దేశం ఉద్దేశమే అయినప్పుడు, తెలిసిన పేరుకు గురిపెట్టిన ఉద్దేశం వేరే పేరు దగ్గర తేలితే మాయమైపోతుందా? దానికి తోడు 301వ సెక్షన్ ఉంది. ఒకరిని చంపబోయి ఇంకొకరిని చంపితే, మొదట అనుకున్నవాణ్ణి చంపి ఉంటే ఏ నేరమయ్యేదో ఇదీ అదే నేరమని అది సూటిగా చెబుతుంది. కొత్త సంహితలో ఇవే 100, 102 సెక్షన్లు. గొయ్యి ఉదాహరణ కూడా అలాగే ఉంది.

నాకు మాత్రం సుందర అయ్యర్ గారి అసమ్మతిని కొట్టిపారేయబుద్ధి కాదు. ఆయన అడిగింది మనసు గురించి మాత్రమే కాదు, ఎడమ గడి గురించి కూడా. చావును 'కలిగించింది' ఎవరు అన్న ప్రశ్న నిజంగా అక్కడ ఉంది. హల్వాను పదిరోజుల తర్వాత చెత్తకుప్పలోంచి ఎవరో తీసి తిని ఉంటే బెన్సన్ గారు కూడా ఇంకోసారి ఆలోచించేవారేమో. అయితే జరిగింది అది కాదు. పిల్లలు మసిలే ఇంట్లో, వాళ్లు ఎగబడి తినే తీపి పదార్థంలో విషం కలిపి ఇచ్చాడు. ముక్క మిగిలితే పిల్ల చేతికి చేరడం వింత సంఘటనేమీ కాదు.

ఈ కేసులో ఇంకో సంగతి కూడా గమనించాలి. బీమా డబ్బు నేరమనస్సు కాదు, అది కారణం మాత్రమే. మనం మాటల్లో రెండింటినీ కలిపేస్తాం, చట్టం కలపదు. డబ్బు కోసం చంపినా, జబ్బుతో బాధపడుతున్న మనిషి మీద జాలితో చంపినా చావు రావాలన్న ఉద్దేశం రెండుచోట్లా ఒకటే, కాబట్టి రెండుచోట్లా కుడి గడి నిండుతుంది. మరి కారణం దేనికి పనికొస్తుంది? మనసును ఎవరూ తెరిచి చూడలేరు. ఏ ఆయుధం వాడాడు, ఎక్కడ కొట్టాడు, ముందు ఏం సిద్ధం చేసుకున్నాడు, తర్వాత ఏం దాచాడు అన్న బయటి గుర్తుల నుంచే కోర్టు లోపలి ఉద్దేశాన్ని ఊహిస్తుంది. బీమా చేయించడం, ఇంటికి పిలవడం, విషం కలపడం వరుసగా పేర్చితే ఉద్దేశం దానంతట అదే బయటపడుతుంది. కారణం ఆ వరుసలో ఒక సాక్ష్యం, అంతే.

హల్వా కేసులో మనసు ఒక మనిషి మీద ఉంటే చావు ఇంకో మనిషిని చేరింది. కోర్టు ఆ రెండింటినీ కలిపింది. ఏడేళ్ల తర్వాత వచ్చిన కేసులో మనిషి ఒకరే, చావు ఆ మనిషికే వచ్చింది, అయినా కలపలేకపోయింది.

1919లో పళనిగౌండన్ కేసును మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ విన్నది. భార్యాభర్తల మధ్య తగాదా. భర్త నాగటి కర్రుతో భార్య తలమీద కొట్టాడు. ఆమె స్పృహతప్పి పడిపోయింది. చనిపోయిందనుకున్నాడు. ఆత్మహత్య చేసుకున్నట్టు కనిపించాలని మెడకు తాడు వేసి దూలానికి వేలాడదీశాడు. వైద్య పరీక్షలో తేలిందేమిటంటే, తలమీద దెబ్బకు ఆమె చావలేదు. ఉరి వల్ల చనిపోయింది. అంటే దూలానికి కట్టేటప్పుడు ఆమె బతికే ఉంది.

వినగానే ఇంతకన్నా స్పష్టమైన హత్య ఉంటుందా అనిపిస్తుంది. కొట్టిందీ అతనే, ఉరి వేసిందీ అతనే, చనిపోయిందీ అతను కొట్టిన మనిషే. పనులన్నిటినీ ఒక కుప్పగా చూస్తే అలాగే కనిపిస్తుంది. ఫుల్ బెంచ్ వాటిని విడదీసి చూసింది.

మొదటి పని కర్రు దెబ్బ. ఆ దెబ్బ చంపే ఉద్దేశంతో కొట్టింది కాదని కేసులో తేలిన విషయం. మామూలుగా చావు తెచ్చేంత దెబ్బ కూడా కాదు. గాయపరిచే మనసు ఉంది, చంపే మనసు లేదు. పైగా ఆ దెబ్బతో చావు రాలేదు. రెండో పని ఉరి. చావు దీనితో వచ్చింది. కానీ ఇది చేస్తున్నప్పుడు అతని మనసులో ఉన్నదేమిటి? తన ముందున్నది శవమని అతను నమ్మాడు. శవాన్ని చంపాలని ఎవరూ ఉద్దేశించలేరు. మనిషి ఉద్దేశాన్ని అతను నమ్మిన పరిస్థితుల్ని బట్టి చూడాలి తప్ప, తర్వాత డాక్టరు కనిపెట్టిన నిజాన్ని బట్టి కాదని బెంచ్ చెప్పింది. ఒక పనిలో కొంత చెడ్డ మనసు ఉంది, చావు లేదు. ఇంకో పనిలో చావు ఉంది, చంపే మనసు లేదు. ఒకదాని మనసును తెచ్చి ఇంకోదాని చావుకు అతికించడం కుదరదు. కాబట్టి హత్య కాదు, హత్య కాని నరహత్యా కాదు. తీవ్ర గాయం చేసినందుకు శిక్షించారు. తప్పుడు సాక్ష్యం సృష్టించడానికి ప్రయత్నించడం వేరే నేరమని కూడా బెంచ్ గుర్తించింది.

ఈ తీర్పు చదివిన కుర్రాళ్లు క్లాసులో మొదట కోప్పడతారు. ఆమె బతికుందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూడనైనా చూడని మనిషికి ఇంత మినహాయింపా అని. ఆ కోపం న్యాయమైనదే, కానీ అది హత్య సెక్షన్ మీద రావలసింది కాదు. చూడకపోవడం అన్నది మనసు మెట్లలో అట్టడుగు మెట్టు, నిర్లక్ష్యం. నిర్లక్ష్యంతో మరణం కలిగించడం విడి నేరం. పాత కోడ్‌లో 304ఎ కింద రెండేళ్ల వరకు, ఇప్పటి 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. నాకు తోచినంతవరకు పళనిగౌండన్ లాంటి కేసులో సరిపోయే ప్రశ్న అక్కడుంది. హత్యకు కావలసిన మెట్టు దగ్గర మాత్రం అతను లేడు.

ఇప్పుడు ఒక్క వివరం మార్చి చూడండి. కర్రుతో కొట్టినప్పుడే అతను చంపాలనుకున్నాడనుకుందాం. కొట్టాడు, చనిపోయిందనుకున్నాడు, దాచడానికి ఉరి వేశాడు, ఉరితో చనిపోయింది. ఉరి వేసేటప్పటి మనసు ఇందాకటిదే, శవం అనుకున్న మనసే. అయినా జవాబు తారుమారైపోతుంది. 1943లో తవమణి కేసులో ఇదే మద్రాసు హైకోర్టు అలాంటి పరిస్థితినే చూసింది. ఒక స్త్రీని చంపే ఉద్దేశంతో దాడిచేసి, చనిపోయిందనుకుని బావిలో పడేశారు. చంపాలన్న ఉద్దేశంతో మొదలుపెట్టి, ఆ పని పూర్తిచేసే క్రమంలోనే బావిలో పడేశారు కాబట్టి, రెండూ ఒకే వ్యవహారంలోని రెండు దశలని, అది హత్యేనని కోర్టు అంది. 1954లో ఆఫ్రికాలోని బసుటోలాండ్ నుంచి వచ్చిన థాబో మేలీ కేసులో లండన్ ప్రీవీ కౌన్సిల్ కూడా అదే దారి పట్టింది. నలుగురు ముందే పథకం వేసుకుని ఒకణ్ణి గుడిసెలోకి తీసుకెళ్లి, బీరు తాగించి, తలమీద కొట్టారు. చనిపోయాడనుకుని ప్రమాదంలా కనిపించాలని చిన్న కొండచరియ మీంచి దొర్లించారు. అతను చనిపోయింది దెబ్బలకు కాదు, ఆరుబయట అలా పడి ఉండటం వల్ల. పథకం ఒకటే, దాన్ని ముక్కలు చేసి చూడలేమన్నారు.

అందుకని ఇలాంటి కేసులో పోలీసులైనా లాయర్లైనా మొదట వెతకవలసింది చివరి పని గురించి కాదు, తొలి దెబ్బ గురించి. కర్రు ఏ వైపుతో తగిలింది, ఎన్ని దెబ్బలు, ఎముక విరిగిందా, తాడు ముందే తెచ్చిపెట్టాడా లేక అప్పటికప్పుడు వెతుక్కున్నాడా? ముందే తాడు సిద్ధంగా ఉంటే 'చనిపోయిందనుకున్నాను' అన్న మాట నిలబడదు. ఆ నమ్మకం నిజమైనదేనని కోర్టుకు అనిపించినప్పుడే పళనిగౌండన్ తీర్పు పనికొస్తుంది. శవపరీక్షలో చావు దేనితో వచ్చిందో తేలడం కూడా ఇక్కడ ప్రాణం. మెడ మీది తాడు గుర్తు బతికుండగా పడిందా, చనిపోయాక పడిందా అన్నది డాక్టరు చెప్పలేకపోతే అసలీ చర్చకే తావుండదు.

ఇంతవరకు కుడి గడి ఉంటుందనే అనుకుంటూ వచ్చాం. ఆ గడే అక్కర్లేదని ప్రభుత్వం అనే చట్టాలు కొన్ని ఉన్నాయి. విదేశీ మారకం, నిత్యావసర సరుకుల వంటివి. అక్కడ వాదనలో మన రాజమండ్రి మనిషి ఒకరు ముఖ్యమైన పాత్ర వహించారు. తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు.

1962 నవంబర్ 27న మేయర్ హాన్స్ జార్జ్ అనే జర్మన్ పౌరుడు జ్యూరిచ్‌లో విమానమెక్కాడు, మనీలాకు వెళ్లాలి. విమానం మరునాడు బొంబాయి శాంతాక్రజ్‌లో ఆగింది. అతను దిగలేదు, సీట్లోనే కూర్చున్నాడు. కస్టమ్స్ వాళ్లు లోపలికి వచ్చి సోదా చేస్తే, ప్రత్యేకంగా కుట్టించుకున్న జాకెట్ జేబుల్లో 34 కిలోల బంగారం దొరికింది. దేశం మీదుగా వెళ్లే బంగారాన్ని కూడా విమానం సరుకుల పట్టీలో చూపించాలని రిజర్వ్ బ్యాంకు పెట్టిన కొత్త నిబంధన గెజిట్‌లో అచ్చయింది నవంబర్ 24న, అంటే అతను బయల్దేరడానికి మూడు రోజుల ముందు. జ్యూరిచ్‌లో ఉన్న మనిషికి భారత గెజిట్ సంగతి ఎలా తెలుస్తుంది? మేజిస్ట్రేటు ఏడాది జైలు వేశారు. బొంబాయి హైకోర్టు విడుదల చేసింది. 1964లో సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పిచ్చింది. దేశ ఆర్థిక వ్యవస్థను దెబ్బతీసే దొంగరవాణాను ఆపడానికి చేసిన చట్టంలో 'నాకు తెలియదు' అన్న జవాబుకు చోటిస్తే చట్టమే పనిచెయ్యదని మెజారిటీ అభిప్రాయం. శిక్షను మాత్రం అతను అప్పటికే అనుభవించిన కాలానికి తగ్గించారు. విడిగా నిలిచింది సుబ్బారావు. చట్టం స్పష్టంగా గానీ, తప్పనిసరిగా అర్థమయ్యేలా గానీ మనసును తీసేస్తే తప్ప, ప్రతి నేరంలోనూ మనసు ఉండి తీరాలన్నదే మొదటి ఊహ అన్నారాయన. 'ఆపడం కష్టమవుతుంది' అన్న ఒక్క కారణంతో ఆ ఊహను వదలలేమన్నారు.

మరుసటి ఏడాది ఆయనకు ఇంకో అవకాశం వచ్చింది. నాథూలాల్ మధ్యప్రదేశ్‌లో ధాన్యం వ్యాపారి. లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, వచ్చేస్తుందన్న నమ్మకంతో గోధుమలు నిల్వచేశాడు. దరఖాస్తు తిరస్కరించినట్టు అతనికి ఎవరూ చెప్పలేదు. లైసెన్సు లేని నిల్వ అని నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు పెట్టారు. 1965లో సుబ్బారావు ధర్మాసనం అతన్ని విడుదల చేసింది. తెలిసీ చట్టాన్ని మీరాలన్న మనసు అతనికి లేదు గనక నేరం లేదని తీర్పు.

పార్లమెంటుకు అది నచ్చలేదు. 1967లో చట్టాన్ని సవరించి, తెలిసి చేసినా తెలియక చేసినా ఉల్లంఘిస్తే శిక్షేనని చేర్చారు. కుడి గడిని కొట్టేశారన్నమాట. అది మరీ కఠినంగా ఉందనిపించి 1974లో మళ్లీ మార్చారు. అప్పుడు చేర్చిందే 10సి సెక్షన్. దాని ప్రకారం మనసు అవసరమైన నేరాల్లో ఆ చెడ్డ మనసు ముద్దాయికి ఉందనే కోర్టు ముందుగా అనుకుంటుంది. లేదని చూపించుకోవలసిన బాధ్యత ముద్దాయిది. అదీ 'లేదనిపిస్తోంది' అన్నంతగా కాదు, కోర్టుకు అనుమానానికి తావు లేకుండా నమ్మకం కుదిరేంతగా. తర్వాత 1985 నాటి మత్తుమందుల చట్టంలోనూ 35వ సెక్షన్‌గా ఇదే పద్ధతి పెట్టారు. సంచిలో గంజాయి దొరికినవాడు 'సంచి ఎవరో ఇచ్చారు, లోపలేముందో తెలియదు' అంటే, హత్య కేసులోనైతే అతనికి ఆ ఉద్దేశం ఉందని నిరూపించవలసిన బరువు ప్రాసిక్యూషన్‌ది. ఈ చట్టం కింద సంచి అతని దగ్గర దొరికిందని ప్రాసిక్యూషన్ రుజువు చేశాక, తెలియదన్న మాటను రుజువు చేసుకోవలసినవాడు అతనే.